రోజూ అదే పావుగంట

ప్రశ్న: మా అమ్మాయి రెండో తరగతి చదువుతోంది. బడి తొమ్మిది గంటలకు మొదలవుతుంది. వారంలో మూడు రోజులు మేము చేరేసరికి తొమ్మిది ఇరవై అయిదు అవుతోంది. మావారు దుకాణం కట్టి ఇంటికి వచ్చేసరికి రాత్రి పది దాటుతుంది, పాప నాన్న వచ్చేదాకా పడుకోదు, పొద్దున లేవదు. నెలకు రెండుసార్లు మా అత్తగారి ఊరు వెళ్తాం. సోమవారం మధ్యాహ్నానికి గానీ తిరిగి రాలేం కాబట్టి ఆ రోజు బడి మానేస్తుంది. మొన్న టీచరు డైరీలో ‘పాపను రోజూ సమయానికి పంపండి’ అని ఎర్ర సిరాతో రాశారు. హాజరు తొంభై శాతం దగ్గర ఉంది. తప్పిపోయినవి పక్కింటి అబ్బాయి నోటుపుస్తకం చూసి నేనే రాయిస్తాను, పుస్తకాలన్నీ పూర్తిగా ఉన్నాయి. రెండో తరగతికే ఇంత పట్టింపు అవసరమా?
— ఒక తల్లి, తెనాలి

జవాబు:

అమ్మా, ముందుగా ఆ ఎర్ర సిరా గురించి ఒక మాట. చాలామంది టీచర్ల బల్ల మీద చేతికి అందేది ఎర్ర కలమే. కోపం వచ్చి రాశారని అనుకోకండి. ముప్ఫై ఏళ్ళు చిన్న తరగతులకు చెప్పినదాన్ని, ఆ వాక్యం నేనూ ఎన్ని డైరీలలో రాశానో లెక్క లేదు. కాకపోతే ఎందుకు పంపమంటున్నామో ఆ ఒక్క వాక్యంలో ఎప్పుడూ చెప్పలేకపోయాను. మీ ఉత్తరం పుణ్యమా అని ఇప్పుడు చెబుతాను.

మీ పాప ఆలస్యమైన రోజున తరగతి గదిలో ఏం జరుగుతుందో చూద్దాం. తొమ్మిదికి ప్రార్థన, తొమ్మిదింపావుకు మొదటి పీరియడు. చిన్న తరగతుల్లో మొదటి పీరియడు చాలా బడుల్లో తెలుగుకో లెక్కలకో ఇస్తారు, పిల్లల బుర్ర తాజాగా ఉండే సమయం కనుక. ఆ రోజు తెలుగు అనుకుందాం, పాఠం వత్తులు అనుకుందాం. టీచరు నల్లబల్ల మీద ‘చెలి’ అని రాసి పిల్లలందరితో పలికిస్తారు. దాని పక్కనే ‘చెల్లి’ అని పలికి, రెండోసారి నాలుక ఎంతసేపు ఆగిందో చూసుకోమంటారు. పిల్లలు నాలుక బయటపెట్టి, ఒకరి నోరు ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. ‘ఆ ఆగడమే వత్తు’ అని చెప్పి, అప్పుడు ల కింద ల వత్తు రాసి చూపిస్తారు. తరువాత ‘కొని, కొన్ని’. అంగట్లో బెల్లం ‘కొని’ తెచ్చాం, అందులో ‘కొన్ని’ ముక్కలు తిన్నాం. చెవికి వినిపించిన తేడాను కంటికి కనిపించే గుర్తుతో ముడివేయడమే ఈ పాఠం. దీనికి ఇరవై నిమిషాలు పడుతుంది. మిగిలిన ఇరవై నిమిషాలు బోర్డు మీది పదాలను పుస్తకంలో రాయడం.

మీ పాప తొమ్మిది ఇరవై అయిదుకు గుమ్మం దగ్గర నిలబడుతుంది. లోపలికి రమ్మన్నాక ముప్ఫై తలలు అటు తిరుగుతాయి. చోటు వెతుక్కుని, సంచి విప్పి, ఏ పుస్తకమో పక్కవాళ్ళను అడిగి తెలుసుకుని తీసేసరికి తొమ్మిదీ ముప్ఫై అయిదు. నాలుక ఆట అయిపోయింది. అందరూ వంగి రాస్తున్నారు, తనూ రాస్తుంది. చేతిరాత మంచిదే అయితే అందరికన్నా అందంగా రాస్తుంది. సాయంత్రం మీరు చూసే పుస్తకం నిండుగానే ఉంటుంది. మీకు అన్నీ సవ్యంగా కనిపించడానికి కారణం ఇదే. ఆలస్యం తినేసింది పలికే సగాన్ని, రాసే సగాన్ని ముట్టుకోలేదు. పలికే సగానికి పుస్తకంలో ఆనవాలు మిగలదు.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. విద్యా హక్కు చట్టం, అంటే 2009 నాటి చట్టం, ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. వారానికి ఆరు రోజుల బడి అనుకుంటే 200 రోజులంటే దాదాపు 34 వారాలు. మీ పాపకు ఆలస్యమైన ప్రతిసారీ ఇరవై నిమిషాలు పోతున్నాయి, వారానికి మూడుసార్లు, అంటే వారానికి గంట. ఏడాదికి 34 గంటలు. 800 గంటల్లో 34 పోతే పెద్ద నష్టం కాదనిపిస్తుంది, నిజానికి నూటికి నాలుగే. అయితే ఆ 34 గంటలూ రోజంతటి నుంచి తలా కొంచెం పోవడం లేదు, ఒక్క మొదటి పీరియడు నుంచే పోతున్నాయి. నలభై నిమిషాల పీరియడు 200 రోజులకు 133 గంటలు. అందులో 34 అంటే నాలుగో వంతు. మధ్యాహ్నం పూట ఆటలూ బొమ్మలూ పూర్తిగా అందుతున్నాయి, తెలుగు మాత్రం ముప్పావు వంతే అందుతోంది. అదీ మొదటి సగమే తెగిపోయి.

సోమవారాలదీ ఇదే కథ. నెలకు రెండు చొప్పున పది నెలలకు ఇరవై సెలవులు. 200లో ఇరవై అంటే పది శాతం. తొంభై శాతం మార్కులంటే మొదటి శ్రేణి కంటే ఎక్కువే కాబట్టి తొంభై శాతం హాజరు కూడా గొప్పగానే అనిపిస్తుంది. మన రాష్ట్రంలో అమ్మఒడికి 75 శాతం హాజరు షరతు పెట్టినప్పటి నుంచి ‘డెబ్బై అయిదు దాటింది కదా టీచరుగారూ’ అనే మాట నేను చాలాసార్లు విన్నాను. ఆ అంకె డబ్బు ఇవ్వడానికి పెట్టుకున్న కనీస హద్దు. 200 రోజుల్లో యాభై రోజులు మానినా అది అందుతుంది. యాభై రోజులంటే రెండు నెలల బడి. అమెరికాలో ఏ కారణం చేతనైనా, సెలవు చీటీ ఇచ్చి మానినా సరే, పది శాతం రోజులు పోయిన పిల్లవాణ్ణి దీర్ఘకాలిక గైర్హాజరు కింద లెక్కగట్టి బడి వాళ్ళు విడిగా పట్టించుకుంటారు. మీ పాప సరిగ్గా ఆ గీత మీద ఉంది.

పైగా సోమవారం మామూలు రోజు కాదు. మాలో చాలామంది కొత్త పాఠం సోమవారం ఎత్తుకుంటాం, శనివారానికి ముగించవచ్చని. లెక్కల్లో తీసివేత చూడండి. 42లో నుంచి 17 తీసేయాలి. నేనైతే మొదటి రోజు పలక పట్టనిచ్చేదాన్ని కాదు. చీపురు పుల్లలు పదేసి చొప్పున రబ్బరు బ్యాండుతో కట్టలు కట్టించి, నాలుగు కట్టలూ రెండు విడి పుల్లలూ ఇచ్చి, పదిహేడు తీసి ఇవ్వమనేదాన్ని. రెండు విడి పుల్లల్లో నుంచి ఏడు రావు. పిల్లలు కాసేపు తల గోక్కుని, వాళ్ళే ఒక కట్ట విప్పుతారు. ఇప్పుడు పన్నెండు విడి పుల్లలు, మూడు కట్టలు. పన్నెండులో నుంచి ఏడు తీస్తే అయిదు, మూడు కట్టల్లో నుంచి ఒకటి తీస్తే రెండు. ఇరవై అయిదు. మంగళవారం అదే పనిని కాగితం మీద అంకెలతో చేస్తాం, దానికి ‘పక్క నుంచి అప్పు తేవడం’ అని పేరు పెడతాం.

కట్ట విప్పిన రోజు లేని పిల్ల మంగళవారం వచ్చి 42 – 17 వేస్తే జవాబు 35 వస్తుంది. రెండులో నుంచి ఏడు పోదు కాబట్టి ఏడులో నుంచి రెండు తీసేసి అయిదు వేస్తుంది, నాలుగులో నుంచి ఒకటి తీసి మూడు వేస్తుంది. అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదు ఇది. ఆ పిల్లకు తెలిసిన ఒకే ఒక నియమం పెద్దదానిలో నుంచి చిన్నది తీయడం, దాన్ని నిజాయితీగా పాటించింది. ఇంట్లో మీరు ‘అప్పు తెచ్చుకో’ అని గుర్తుచేస్తే నాలుగు కొట్టేసి మూడు వేయడం నేర్చుకుంటుంది కూడా. ఆ అప్పు పది అని, అది విప్పిన కట్ట అని తెలియకపోతే, మూడో తరగతిలో 402లో నుంచి 17 తీయమన్నప్పుడు మధ్యలో సున్నా దగ్గర ఆగిపోతుంది. సున్నా దగ్గర అప్పు పుట్టదు కదా. అప్పుడు ‘మా పాపకు లెక్కలు రావు’ అంటారు. దాని మూలం ఏడాది క్రితం ఒక సోమవారంలో ఉందని ఎవరికీ గుర్తుండదు.

తెలుగులోనూ అంతే. గ, చ, డ, ద లాంటి వాటి వత్తులు చాలావరకు ఆ అక్షరం పోలికతోనే ఉంటాయి కాబట్టి పిల్లలు సులువుగా పట్టేస్తారు. త, న, మ, య, ర, ల వత్తులు అలా కావు, పూర్తిగా వేరే రూపంలో ఉంటాయి. మన దురదృష్టమో ఏమో, పిల్లలకు రోజూ తగిలేవి ఇవే: అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, పిల్లి. ఈ ఆరూ గట్టిపడకపోయినా పాప కొంతకాలం లాక్కువస్తుంది. పాఠం కంఠతా వచ్చేసి ఉంటుంది, బొమ్మ చూసి ఊహిస్తుంది. మూడో తరగతిలో పరిసరాల విజ్ఞానం పాఠాలు తనే చదువుకోవలసి వచ్చినప్పుడు ఆ బండి ఆగుతుంది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదట ఏం చదివిందో జారిపోతుంది. కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి ముగిసేలోగా పిల్లలందరికీ అర్థం చేసుకుంటూ చదవడం, మామూలు లెక్కలు చేయడం రావాలని గడువు పెట్టుకున్నది అందుకే. మీ పాపకు ఇంకా ఏడాదిన్నర సమయం ఉంది. రెండో తరగతికే ఇంత పట్టింపా అన్నారు కదా, అసలు పట్టించుకోవలసిన తరగతి అదే. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒక పాఠం పోతే పుస్తకం తెరిచి చదువుకోగలడు. పుస్తకం చదవడమే ఇంకా నేర్చుకుంటున్న పిల్ల ఆ పని చేయలేదు.

ఇదంతా మీ పాపకు జరిగిపోయిందని నేను అనడం లేదు. జరిగిందో లేదో మీరే ఇంట్లో పది నిమిషాల్లో చూసుకోవచ్చు. పాఠ్యపుస్తకం పక్కన పెట్టేయండి, అది కంఠతా వచ్చి ఉంటుంది. పాత క్యాలెండరు కాగితం వెనక పెద్ద అక్షరాలతో కొన్ని జంటలు రాయండి: చెలి, చెల్లి. కొని, కొన్ని. మొగ, మొగ్గ. తరువాత జంట లేని మాటలు: తమ్ముడు, వెన్నెల, గుర్రం, కొయ్య, మెత్తని. బొమ్మలు వేయకండి. తడబడుతూనైనా సరిగ్గా చదివితే పర్వాలేదు, వేగం తరువాత వస్తుంది. ‘తముడు’ అని చదివి ముందుకు సాగిపోతే, అంటే తప్పు చదివానని తనకే అనుమానం రాకపోతే, ఆ వత్తు చెవికి అందలేదని అర్థం. అప్పుడు ‘తమ్ముడు’ అని పదిసార్లు రాయించకండి. పలికించండి, నాలుక, పెదవి ఎక్కడ ఆగుతున్నాయో చూసుకోమనండి. లెక్కలకు 42 – 17 వేయించి, జవాబు సరిగ్గా వచ్చినా సరే, ‘ఈ పుల్లలతో చేసి చూపించు’ అనండి.

మీరు పక్కింటి అబ్బాయి పుస్తకం చూసి రాయిస్తున్నారు కదా. మీ శ్రమను తక్కువ చేయడం లేదు, చాలామంది ఆ మాత్రం కూడా చేయరు. అయితే ఆ పుస్తకంలో ఉన్నది కూడా పీరియడు రెండో సగమే. ఎప్పుడైనా బడి తప్పిపోతే టీచరును ‘నోట్సు ఏమిచ్చారు’ అని అడగవద్దు. ‘కొత్తగా ఏం చెప్పారు, ఎలా చెప్పారు’ అని అడగండి. పుల్లలతో చెప్పారంటే ఆ సాయంత్రం మీరూ పుల్లలతోనే చెప్పండి. పది నిమిషాలు చాలు, రాత పని సగం మిగిలిపోయినా నష్టం లేదు.

ఇక ఆలస్యం సంగతి. మీ ఇంట్లో ఆలస్యం పొద్దున మొదలవడం లేదమ్మా, ముందురోజు రాత్రి మొదలవుతోంది. ఏడేళ్ళ పిల్లకు తొమ్మిది గంటలు తక్కువ కాకుండా నిద్ర కావాలి, పది గంటలైతే ఇంకా మంచిది. పదిన్నరకు పడుకున్న పిల్లను ఆరున్నరకు లేపితే ఎనిమిది గంటలే అవుతుంది. లేపడానికి మీకు చేతులు రావు, అది సహజం. పడుకునే వేళను ఒక్క రాత్రిలో తొమ్మిదికి మార్చాలని చూస్తే ఏడుపు తప్ప ఏమీ మిగలదు. రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరుపుకుంటూ వస్తే రెండు వారాల్లో దారికి వస్తుంది.

నాన్న కోసం మేలుకోవడం మటుకు చిన్న విషయం కాదు. ఆ పిల్లకు రోజంతటికీ అదే మంచి ఘడియ. దాన్ని తీసేయకండి, పొద్దునకు మార్చండి. దుకాణం ఎన్నింటికి తెరుస్తారో మీరు రాయలేదు. వీలుంటే బడికి దిగబెట్టే పని మీవారికి అప్పగించండి. రాత్రి పదింటికి నిద్రమత్తులో దొరికే పది నిమిషాల కంటే పొద్దున బండి మీద ముందు కూర్చుని కబుర్లు చెబుతూ వెళ్ళే పదిహేను నిమిషాలు ఎక్కువ. మా బడిలో ఒక పాప ఇలాగే మారింది. ఆలస్యమైతే వాళ్ళ నాన్న దిగబెట్టే వీలు ఉండదు కాబట్టి ఆ పిల్లే ఇంట్లో అందరినీ తరిమేదట.

బూట్లు, రెండో మేజోడు, డైరీ మీద సంతకం ఈ మూడూ రాత్రే చూసుకోండి. పొద్దున పది నిమిషాలు పోయేది ఎక్కువగా వీటి వల్లే. చేరే సమయం కూడా తొమ్మిది అనుకోకండి, ఎనిమిదీ యాభై అనుకోండి.

ఊరి ప్రయాణం మానమని నేను చెప్పను. నాయనమ్మ దగ్గర గడిపే ఆదివారం పిల్లలకు కావాలి. శనివారం బడి వదిలాక బయలుదేరి, ఆదివారం సాయంత్రం నాలుగు, అయిదు గంటల బస్సుకు తిరిగి రాగలరేమో చూడండి. ఆదివారం రాత్రి భోజనం చేసి వెళ్ళమని అత్తగారు పట్టుబడతారని నాకు తెలుసు. ఆవిడతో మీరు చెప్పడం కంటే మీవారు చెప్పడం మేలు. నెలకు రెండుసార్లు కుదరకపోతే ఒకటి తగ్గించుకుని, దసరాకూ సంక్రాంతికీ వరసగా నాలుగు రోజులు ఉండి రండి. ఎంత చేసినా ఏదో ఒక సోమవారం మధ్యాహ్నానికే చేరారనుకోండి, ‘ఇక ఈ రోజు అయిపోయింది’ అనుకోకుండా స్నానం చేయించి భోజనాల వేళకు బడికి పంపండి. మధ్యాహ్నం వచ్చిన పిల్లకు పొద్దున ఏం జరిగిందో స్నేహితులు చెబుతారు, మంగళవారం ఏం తెచ్చుకోవాలో తెలుస్తుంది. ఒక పూట అందినా అందినట్టే.

జ్వరం, విరేచనాలు, కళ్ళకలక, ఆటలమ్మ లాంటివి వస్తే మాత్రం నా మాటలేవీ పట్టించుకోకుండా ఇంట్లో ఉంచండి. ‘మా వాడు నూటికి నూరు శాతం హాజరు’ అనే పట్టుదలతో ఒళ్ళు కాలుతున్న పిల్లలను పంపిన తల్లులను చూశాను. ఆ పిల్ల ఏమీ నేర్చుకోదు, మరో నలుగురికి అంటిస్తుంది. జ్వరం లేని మామూలు జలుబుకైతే మానిపించనక్కర లేదు.

ఒక విషయం ఒప్పుకోవాలి, మాస్టర్లకు కూడా వినిపించేలా. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఆలస్యంగా వచ్చిన పిల్లలను పీరియడు అయ్యేదాకా గుమ్మం బయట నిలబెట్టేదాన్ని. క్రమశిక్షణ అనుకున్నాను. ఇరవై నిమిషాలు పోగొట్టుకున్న పిల్లకు మిగిలిన ఇరవై కూడా నేనే పోగొడుతున్నానని ఆలోచించలేదు. కొన్నాళ్ళకు గమనించాను, ఆలస్యంగా వచ్చే పిల్లలు తగ్గారు గానీ రాని పిల్లలు పెరిగారు. అయిదు నిమిషాలు ఆలస్యమైతే వీధి చివర నుంచే వెనక్కి తిరిగేవాళ్ళు, ఇంట్లో కడుపునొప్పి అని చెప్పేవాళ్ళు. ఆ తరువాత నిలబెట్టడం మానేశాను. గుమ్మానికి దగ్గరగా ఒక చోటు ఖాళీగా ఉంచి, ఎవరు ఆలస్యంగా వచ్చినా చప్పుడు లేకుండా అక్కడ కూర్చోమనేదాన్ని. మీ పాప కూడా పొద్దున కడుపునొప్పి అంటుంటే, అది ఆలస్యమైన రోజుల్లోనే వస్తోందేమో గమనించండి. అలా అయితే బడిలో నిలబెడుతున్నారేమో, పిల్లలు నవ్వుతున్నారేమో మెల్లగా అడిగి తెలుసుకోండి. పిల్లలను కొట్టడమే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా విద్యా హక్కు చట్టం నిషేధించింది, కాబట్టి ఆ మాట టీచరుతో ధైర్యంగా ఎత్తవచ్చు.

టీచరును కలవడానికి సాయంత్రం బడి వదిలాక వెళ్ళండి, పొద్దున గుమ్మం దగ్గర వద్దు. ‘ఇకనుంచి ఎనిమిదీ యాభైకి పంపుతాను, పాప ఏయే వత్తుల దగ్గర తడబడుతోందో చెప్పండి’ అని అడగండి. రెండు వారాలయ్యాక ఆ క్యాలెండరు కాగితం మళ్ళీ తీసి చదివించండి. ‘తముడు’ ఇంకా ‘తముడు’గానే ఉంటే ఆ కాగితమే పట్టుకెళ్ళి టీచరుకు చూపించండి. వెళ్ళేటప్పుడు పాపను మాత్రం పక్కన నిలబెట్టుకోకండి.